ఇంటర్వ్యూ అయ్యాక రిజల్ట్ వస్తే కంపెనీకి చెప్పాలా? చెప్పాలి, కానీ ఇలా



రెజ్యూమే చూసిపెట్టమని మాకు పంపే తమ్ముళ్లు, చెల్లెళ్లతో మాట్లాడినప్పుడల్లా ఒక విషయం మళ్లీ మళ్లీ ఎదురవుతోంది. ప్రైవేటు కంపెనీలో ఇంటర్వ్యూ అయిపోయి ఉంటుంది, ఫైనల్ మాట ఇంకా వచ్చి ఉండదు. ఆ మధ్యలో సప్లిమెంటరీ రిజల్ట్ వస్తుంది, బ్యాక్‌లాగ్ పోతుంది. లేకపోతే ఇప్పుడు చేస్తున్న చోటే ప్రమోషన్ వస్తుంది. మరి ఆ కంపెనీ హెచ్‌ఆర్‌కు చెప్పావా అంటే, "అప్లికేషన్ అప్పుడే ఇచ్చేసినం కదా అన్నా, ఇప్పుడు చెప్తే లెక్కలోకి వస్తదా?" అంటారు. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఏదైనా ఉంటే బాగుండేదని బాధపడినవాళ్లే, చెప్పుకోవడానికి నిజంగా ఒకటి చేతికొచ్చాక నోరు మెదపరు.

ఈ మౌనాన్ని భయమనో, మొహమాటమనో కొట్టిపారేయడం మాకు సరిగ్గా అనిపించట్లేదు. ఇది మనకు నోటిఫికేషన్లు నేర్పిన అలవాటు. మన ఇళ్లలో ఉద్యోగం అంటే చాలాకాలం సర్కారు ఉద్యోగమే. సర్కారు నోటిఫికేషన్‌లో అర్హతను ఫలానా తేదీ నాటికే చూస్తారు. ఆ తేదీ తర్వాత డిగ్రీ పాసైనా, ఆ నోటిఫికేషన్‌కు సంబంధించినంతవరకు నువ్వు పాస్ కానట్టే.

దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు కూడా ఉంది. 1982లో జమ్మూ కశ్మీర్‌లో జూనియర్ ఇంజనీరు పోస్టులకు అప్లై చేసినవాళ్లలో కొందరు అప్పటికే పరీక్ష రాసేశారు గానీ రిజల్ట్ రాలేదు. అప్లికేషన్ల చివరి తేదీ దాటాక, ఇంటర్వ్యూలకు ముందు రిజల్ట్ వచ్చింది, పాసయ్యారు. ఇంటర్వ్యూ నాటికి పాసయ్యాం కదా అన్నది వాళ్ల వాదన. అశోక్ కుమార్ శర్మ వర్సెస్ చందర్ శేఖర్ అనే ఆ కేసులో 1997లో కోర్టు తేల్చింది ఏమిటంటే, చివరి తేదీ అని ఒకటి పెట్టాక అర్హతను ఆ తేదీ నాటికే చూడాలి అని. దానికి కారణం కూడా న్యాయమైనదే. రిజల్ట్ రాలేదు కాబట్టి మనకు అర్హత లేదని అప్లై చేయకుండా ఆగిపోయినవాళ్లు ఇంకెందరో ఉంటారు. అప్లై చేసినవాళ్లకు మాత్రమే మినహాయింపు ఇస్తే ఆగిపోయినవాళ్లకు అన్యాయం జరుగుతుంది.

సర్కారు కొలువుల్లో ఈ రూల్ అవసరమే. ఫైనలియర్ వాళ్లు కూడా అప్లై చేయొచ్చని కొన్ని నోటిఫికేషన్లలో రాస్తారు. అక్కడ కూడా ఫలానా దశకల్లా ప్రూఫ్ చూపించాలని తేదీ పెడతారు. అంటే కొత్త వార్తకు ఎంత చోటుందో నోటిఫికేషనే చెప్పేస్తుంది, మనం మెయిల్ పెట్టి మార్చేదేమీ లేదు. టీజీపీఎస్సీ ఓటీఆర్‌లోనో, ఏపీపీఎస్సీ ఓటీపీఆర్‌లోనో కొత్త క్వాలిఫికేషన్ ఎక్కించుకుంటే అది రాబోయే నోటిఫికేషన్లకు పనికొస్తుంది తప్ప జరిగిపోతున్నదానికి కాదు.

మనవాళ్లు ఈ రూల్‌నే ప్రైవేటు కంపెనీకీ తీసుకెళ్తున్నారు. అక్కడ అలాంటి చివరి తేదీ లేదు. అక్కడ తేదీ అంటే ఒకటే, వాళ్లు నిర్ణయం తీసుకునే రోజు. ఆ రోజు వరకు నీ గురించి కొత్తగా తెలిసిన ప్రతిదీ లెక్కలోకి వస్తుంది. ప్రైవేటులో మనకు రిజర్వేషన్ లేదన్నది అందరికీ తెలిసిందే. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా అన్నింట్లో 60 శాతం, బ్యాక్‌లాగ్ ఉండకూడదు లాంటి షరతులు మనకూ అంతే గట్టిగా వర్తిస్తాయి. అలాంటిచోట మన పేరు పక్కన పాత వివరమే ఉండిపోతే నష్టం మనదే.

హెచ్‌ఆర్ వైపు ఏం జరుగుతుందో కొంచెం తెలిస్తే ఎలా చెప్పాలన్నది సులువుగా అర్థమవుతుంది. హెచ్‌ఆర్‌లో మనతో మాట్లాడే మనిషి ఒకేసారి చాలా పోస్టులు చూస్తుంటారు. వాళ్ల దగ్గర ఒక షీటు ఉంటుంది. అది ఎక్సెల్ కావచ్చు, కంపెనీ సాఫ్ట్‌వేర్ కావచ్చు. అడ్డవరసలో మన పేరు, దాని పక్కన గడులు. కాలేజీ, బ్రాంచి, పర్సంటేజీ, బ్యాక్‌లాగ్ ఉందా లేదా, ఇప్పటి జీతం, అడిగే జీతం, నోటీస్ పీరియడ్. ఇంటర్వ్యూ చేసిన మేనేజర్ నీ గురించి నాలుగు మాటలు రాస్తాడు. ఆ తర్వాత హెచ్‌ఆర్, మేనేజరు కూర్చుని ఈ గడులూ ఆ నాలుగు మాటలూ పక్కపక్కన పెట్టుకుని ఎవరికివ్వాలో తేల్చుకుంటారు. ఇంటర్వ్యూలో నువ్వు ఎంత బాగా చెప్పినా, ఆ రోజు "బ్యాక్‌లాగ్: 1" అని గడిలో ఉంటే, ఆ ఒక్కటే అడ్డం పడొచ్చు.

అందుకే మేం చెప్పేది ఒకటే. నీ మెయిల్ చదివాక హెచ్‌ఆర్ మనిషి షీటు తెరిచి ఒక గడి మార్చగలగాలి. మారకపోతే అది మెయిల్ కాదు, పండగ శుభాకాంక్షలు.

ఒక తమ్ముడి సంగతి చెప్తాం. ఆదిలాబాద్ ఏజెన్సీ నుంచి వచ్చినవాడు, బీటెక్ ట్రిపుల్ఈ. ఫైనల్ సెమిస్టర్ అయిపోయేసరికి కంట్రోల్ సిస్టమ్స్ ఒక్కటి మిగిలింది. సప్లిమెంటరీ రాసి, రిజల్ట్ రాకముందే హైదరాబాద్‌లో సోలార్ ప్యానెళ్లు బిగించే ఒక కంపెనీలో ట్రైనీ ఇంజనీరు పోస్టుకు అప్లై చేశాడు. ఫారంలో బ్యాక్‌లాగ్ ఎన్ని అన్నచోట 1 అని నిజమే రాశాడు. దాచనందుకు తర్వాత అదే కలిసొచ్చింది, ఎలాగో కింద చెప్తాం. సోమవారం హెచ్‌ఆర్ ఫోన్ చేసి మాట్లాడారు. బుధవారం టెక్నికల్ ఇంటర్వ్యూ బాగానే జరిగింది. లేచి వచ్చేటప్పుడు, "సార్, ఎప్పటికల్లా తెలుస్తుంది?" అని అడిగాడు. ఇంకా కొందరు ఉన్నారు, వచ్చే మంగళవారం దాకా ఇంటర్వ్యూలు నడుస్తాయి, ఆ తర్వాతే అన్నారు. ఈ ఒక్క ప్రశ్న చాలామంది అడగరు. అడిగితేనే కదా మన చేతిలో ఎన్ని రోజులున్నాయో తెలిసేది.

శుక్రవారం సాయంత్రం సప్లీ రిజల్ట్ వచ్చింది, పాస్. అతను మాకు స్క్రీన్‌షాట్ పంపి, "జాయినింగ్ అప్పుడు సర్టిఫికెట్లు అడుగుతరు కదా, అప్పుడే చూపిస్త" అన్నాడు. అసలు జాయినింగ్ దాకా వెళ్లేది ఆ గడి మారితేనే అని మేం చెప్పాల్సి వచ్చింది. శనివారం పొద్దున మెయిల్ పంపించాడు. ఇంటర్వ్యూకు పిలిచిన మెయిల్ ఉంటుంది కదా, దానికే రిప్లై కొట్టాడు, కొత్త మెయిల్ పెట్టలేదు. పాత మెయిల్‌కు రిప్లై కొడితే ఎవరు, ఏ పోస్టు అన్నది హెచ్‌ఆర్ వెతుక్కోవాల్సిన పని లేదు, అదంతా కిందే ఉంటుంది. మెయిల్ ఇంగ్లీషులోనే రాశాడు, మన తెలుగులో చెప్పుకుంటే ఇంతే:

"నమస్తే మేడమ్. ట్రైనీ ఇంజనీరు పోస్టుకు గత బుధవారం ఇంటర్వ్యూకు హాజరయ్యాను. అప్లికేషన్‌లో ఒక బ్యాక్‌లాగ్ ఉందని, అది కంట్రోల్ సిస్టమ్స్ అని రాశాను. ఆ సప్లిమెంటరీ ఫలితం నిన్న వచ్చింది, పాసయ్యాను. ఇప్పుడు నాకు బ్యాక్‌లాగులు ఏమీ లేవు. యూనివర్సిటీ సైట్ నుంచి తీసిన రిజల్ట్ పేజీ జతచేశాను. కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ కాలేజీ నుంచి ఇంకా రావాలి, రాగానే పంపిస్తాను. దయచేసి నా వివరాల్లో ఈ మార్పు చేయగలరు. ఈ ఉద్యోగం చేయాలన్న ఆసక్తి అలాగే ఉంది."

అంతే. "కష్టపడి సాధించాను" అని లేదు. "నన్ను తప్పక పరిగణించగలరు" అని లేదు. మొదట రాసిన డ్రాఫ్టులో ఊరు, నాన్న, పోడు వ్యవసాయం, హాస్టల్ జీవితం అన్నీ ఉన్నాయి. అవి నిజమే, గర్వపడాల్సినవే. కానీ ఈ మెయిల్‌లో వాటికి మారే గడి లేదు. అవి ఇంటర్వ్యూలో నీ గురించి చెప్పమన్నప్పుడు చెప్పుకోవాల్సినవి.

ఆ మెయిల్‌లో నాలుగు విషయాలున్నాయి గమనించండి. ముందు ఏం రాశాడు, ఇప్పుడు ఏం మారింది, ఎప్పటి నుంచి, రుజువేంటి. ముందు ఏం రాశాడో గుర్తుచేయడం ముఖ్యం. చాలామంది "సప్లీ పాసయ్యాను" అని మాత్రం రాస్తారు. చదివే మనిషికి ఈయనకు సప్లీ ఉందన్న సంగతే గుర్తుండదు, ఇదేదో కొత్త గొడవ అనుకునే ప్రమాదం ఉంది. రుజువు విషయంలో ఇంకో జాగ్రత్త తీసుకున్నాడు. చేతిలో ఉన్నది ఆన్‌లైన్ రిజల్టే, పీసీ కాదు అని తనే ముందుగా చెప్పేశాడు. పీసీ వచ్చిందన్న అర్థంలో రాసి, జాయినింగ్ రోజు చేతులూపుకుంటూ వెళ్తే అప్పుడు అడిగే ప్రశ్నలకు జవాబు ఉండదు.

సోమవారం మధ్యాహ్నం రెండు లైన్ల రిప్లై వచ్చింది. అప్‌డేట్ చేశాం, మెమో వచ్చాక పంపండి అని. ఆ తర్వాతి వారం ఆఫర్ వచ్చింది, జాయినింగ్ నాటికి పీసీ ఇవ్వాలన్న షరతుతో. మెయిల్ వల్లే ఉద్యోగం వచ్చిందని మేం అనం. ఇంటర్వ్యూ బాగా చేయకపోతే ఏ మెయిలూ కాపాడదు. అయితే జాయినయ్యాక హెచ్‌ఆర్ మేడమ్ అతనితో అన్న మాట ఒకటి ఉంది. ఫారంలో 1 అని రాసి, తర్వాత రుజువుతో 0 చేసుకున్నావు కాబట్టి నీ మిగతా వివరాలు కూడా నిజమే అయ్యుంటాయని అనుకున్నాం అన్నారట. మొదట్లోనే 0 అని రాసి ఉంటే, రిజల్ట్ తేదీ చూసినవాళ్లకు అబద్ధం దొరికిపోయేది.

రీవాల్యుయేషన్ పెట్టినవాళ్లకు ఒక మాట. ఫలితం ఇంకా రాకముందే "మార్కులు పెరుగుతాయి" అని రాయకండి. పెరిగాక రాయండి. పెరిగితే కూడా, ఆ పెరగడం వల్ల మొత్తం 59 నుంచి 60 దాటిందా, లేక 71 నుంచి 71.4 అయ్యిందా చూసుకోండి. మొదటిది చెప్పాల్సిన వార్త. రెండోది మీకూ మీ ఇంట్లోవాళ్లకూ సంతోషం, హెచ్‌ఆర్‌కు మాత్రం పని లేని మెయిల్.

మా దగ్గర కొందరు పెద్దలకు దీనిపై వేరే అభిప్రాయం ఉంది. మధ్యలో మెయిళ్లు పెడితే ఒత్తిడి చేస్తున్నట్టు ఉంటుంది, పిలిచినప్పుడు చెప్పడమే మర్యాద అంటారు. ఆ మాటలో కొంత నిజముంది. ఇంటర్వ్యూ అయిన మర్నాడు నుంచి "సార్, ఏమైంది?" అని రోజూ వాట్సాప్ చేసేవాళ్లను చూసే ఆ మాట పుట్టింది. కానీ కొత్త సమాచారం ఇవ్వడం వేరు, జవాబు కోసం వెంటపడటం వేరు. ఒక ప్రాసెస్‌లో ఒకసారి, గట్టిది ఉంటే రెండోసారి. ఆ మెయిల్‌లో నిర్ణయం ఎప్పుడని అడగకపోతే, అది ఒత్తిడి కిందికి రాదు.

ఎవరికి రాయాలన్న దగ్గర కూడా మనవాళ్లు తడబడుతున్నారు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ అయితే నేరుగా కంపెనీకి కాదు, కాలేజీ టీపీఓకు చెప్పాలి. అర్హుల లిస్టు కంపెనీకి వెళ్లేది ఆయన దగ్గర నుంచే. కన్సల్టెన్సీ ద్వారా వెళ్లి ఉంటే కన్సల్టెన్సీ వాళ్లకే రాసి, కంపెనీకి పంపించమని అడగాలి. వాళ్లను దాటి కంపెనీకి రాస్తే కన్సల్టెన్సీతో చెడుతుంది, కంపెనీ కూడా చిరాకు పడుతుంది. ఇంటర్వ్యూ చేసిన మేనేజర్ నంబరు దొరికింది కదా అని ఆయనకు వాట్సాప్ చేయకండి. షీటు ఉండేది హెచ్‌ఆర్ దగ్గర.

ఇక ప్రమోషన్. ఇది రిజల్ట్ అంత సులువైన వార్త కాదు. పాడేరు వైపు నుంచి వచ్చి విశాఖలో ఒక ప్రైవేటు సంస్థలో ఫీల్డ్ ఆఫీసర్‌గా చేస్తున్న ఒక చెల్లెలి విషయంలో ఇది బాగా తెలిసొచ్చింది. నెలకు 18 వేల జీతం, 30 రోజుల నోటీస్ అని చెప్పి వేరే సంస్థలో రెండు రౌండ్లు పూర్తిచేసింది. మూడోది జీతం మాట్లాడే రౌండు. దానికి నాలుగు రోజుల ముందు ఇప్పటి ఆఫీసులో టీమ్ లీడర్‌గా లెటర్ ఇచ్చారు, జీతం 21,500 చేశారు. తను సంబరపడిపోయి ఆ రాత్రే మెయిల్ రాయబోయింది. ముందు ఆ లెటర్ మొత్తం చదవమన్నాం. రెండో పేజీలో, ఇకపై నోటీస్ పీరియడ్ 60 రోజులు అని ఉంది.

ఇలాంటిది చాలా కంపెనీల్లో ఉంటుంది, హోదా పెరిగితే నోటీసూ పెరుగుతుంది. అంటే కొత్త సంస్థ షీటులో మారాల్సిన గడులు మూడు. హోదా, జీతం, నోటీసు. మొదటి రెండూ మనకు అనుకూలం, మూడోది ప్రతికూలం. మొదటి రెండే చెప్పి మూడోది మింగేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. అలా చేస్తే ఆఫర్ లెటర్‌లో 30 రోజుల లెక్కన జాయినింగ్ తేదీ పడుతుంది, ఇక్కడ వీళ్లు 60 రోజులు వదలరు, మధ్యలో నలిగిపోయేది మనం. మూడూ చెప్పింది. నోటీస్ తగ్గించమని మా ఆఫీసును అడుగుతాను, ఒప్పుకుంటారన్న హామీ మాత్రం ఇవ్వలేను అని కూడా రాసింది.

ప్రమోషన్ వార్త వినగానే అవతలి హెచ్‌ఆర్‌కు వచ్చే మొదటి అనుమానం వేరే ఉంటుంది. ఇప్పుడే పైకి తీసుకున్నారు కదా, ఈ అమ్మాయి ఇంకా వస్తుందా, లేక మన ఆఫర్ చూపించి అక్కడే ఇంకా పెంచుకుంటుందా? ఈ అనుమానాన్ని వాళ్లు బయటకు అడగరు. మనసులో పెట్టుకుని నీ పేరు కింద ఇంకొకరిని సిద్ధం చేసుకుంటారు. అందుకే ప్రమోషన్ మెయిల్‌లో, ప్రమోషన్ వచ్చినా ఎందుకు మారాలనుకుంటున్నానో ఒక వాక్యం ఉండాలి, అది నమ్మేలా ఉండాలి. ఆ చెల్లెలు రాసింది ఇది: "ఇక్కడ టీమ్ లీడర్ పని కూడా వసూళ్ల మీదే ఉంటుంది. నాకు కావాల్సింది మహిళా సంఘాలకు శిక్షణ ఇచ్చే పని, అది మీ పోస్టులో ఉంది." అది నిజం కాబట్టి రాయగలిగింది. నిజంగానే మనసు మారి ఉంటే, ఉన్నచోటే ఉండి, అవతలివాళ్లకు మర్యాదగా వద్దని చెప్పడమే మంచిది.

జీతం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రమోషన్ వార్తకు అసలు విలువ జీతం మాట్లాడక ముందే. ఆఫర్ లెటర్ వచ్చాక, "ఇప్పుడు నా జీతం పెరిగింది, మీరూ పెంచండి" అంటే అది బేరంలా వినిపిస్తుంది, ఒక్కోసారి ఆఫరే వెనక్కి పోతుంది. ముందే చెప్తే లెక్క 18 దగ్గర కాకుండా 21,500 దగ్గర మొదలవుతుంది. బాస్ నోటిమాటగా "వచ్చే నెల నుంచి నువ్వే టీమ్ లీడర్" అన్నది ప్రమోషన్ కాదు, లెటరో, హెచ్‌ఆర్ మెయిలో చేతికి రావాలి. పేస్లిప్‌లో కొత్త హోదా నెలాఖరుకు గానీ పడదు కాబట్టి ఆ సంగతి కూడా మెయిల్‌లో రాసేయాలి. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు పాత పేస్లిప్పూ కొత్త హోదా పక్కపక్కన పెట్టి చూస్తారు. రెండూ కలవకపోతే ఎందుకని అడుగుతారు. ముందే రాసిన మెయిల్ ఉంటే అప్పుడు అదే జవాబు.

ప్రాజెక్టు గురించి పెద్దగా చెప్పేది లేదు. నువ్వు పనిచేసిన యాప్ జనంలోకి వచ్చిందన్నా, మీ సంస్థ కట్టిన నీటి పథకం మొదలైందన్నా, అందులో నువ్వు చేసిన ముక్క ఏదో ఒక వాక్యంలో చెప్పు, బయట అందరికీ కనిపించే లింకు ఇవ్వు. ఆఫీసు లోపలి కాగితాలు, ఫొటోలు పంపకు. ఈ ఆఫీసు కాగితాలు బయటకు పంపినవాడు రేపు మా కాగితాలు పంపడా అనుకుంటారు.

చివరగా చెప్పకూడని వార్త ఒకటి. దీని మీద మాలో మాకే వాదన జరిగింది. మనలో చాలామంది ప్రైవేటు ఇంటర్వ్యూలకు వెళ్తూనే గ్రూప్స్, ఎస్సై, ఎస్‌ఎస్‌సీ రాస్తుంటారు. ప్రిలిమ్స్ పాసైతే అది గొప్పే, ఊళ్లో ఫ్లెక్సీ కూడా కడతారు. కానీ సోలార్ కంపెనీ హెచ్‌ఆర్‌కు "గ్రూప్-2 ప్రిలిమ్స్ క్వాలిఫై అయ్యాను" అని మెయిల్ పెడితే వాళ్లకు అర్థమయ్యేది నీ తెలివి కాదు, ఆరు నెలల్లో మెయిన్స్‌కు లీవు, ఏడాదిలో రాజీనామా. మాలో ఒకరు, చెప్పకపోవడం దాచినట్టు కాదా అన్నారు. మిగతావాళ్లం ఒప్పుకోలేదు. ఫారంలో అడిగినదానికి అబద్ధం రాయడం తప్పు, ఇంటర్వ్యూలో సూటిగా అడిగితే దాటేయడం తప్పు. అడగనిదాన్ని, ఆ పోస్టుతో సంబంధం లేనిదాన్ని మనమే వెళ్లి చెప్పాల్సిన బాధ్యత లేదు. ఆ పోస్టుకు వాళ్లు పెట్టిన షరతో, నీ మీద వాళ్లకున్న సందేహమో ఆ వార్త తీరుస్తుందా అన్నదే చూడాల్సింది. తీర్చకపోతే అది స్టేటస్‌లో పెట్టుకునే వార్త.

ఊళ్లో ఉన్నవాళ్లకు ఒక చిన్న సంగతి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడే రిజల్ట్‌లు వస్తాయి, సిగ్నల్ గుట్ట మీదకో, రోడ్డు మీదకో వెళ్తే గానీ దొరకదు. మెయిల్ రాసి సెండ్ కొట్టి దిగివచ్చేస్తారు, అది అవుట్‌బాక్స్‌లోనే కూర్చుంటుంది. సెంట్‌లోకి వెళ్లిందని చూసి దిగండి. అటాచ్‌మెంట్ పెద్దదైతే ఆ సిగ్నల్‌కు పోదు, రిజల్ట్ పేజీని ఫొటో కాకుండా పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే బరువు తగ్గుతుంది. రెండు పని దినాల దాకా రిప్లై రాకపోతే హెచ్‌ఆర్‌కు ఒకసారి ఫోన్ చేసి, మెయిల్ అందిందా అని మాత్రం అడగండి.

సప్లీ రిజల్ట్‌ల కోసం, ప్రమోషన్ లెటర్ల కోసం చూస్తున్నవాళ్లు మన గ్రూపులో చాలామందే ఉన్నారు. మెయిల్ పంపేముందు డ్రాఫ్టు ఇక్కడ పెట్టండి, హాల్ టికెట్ నంబరు, కంపెనీ పేరు, జీతం అంకె తీసేసి. ఆ రోజు సాయంత్రంలోగా మాలో ఎవరో ఒకరం చూసి చెప్తాం.